మొలకెత్తిస్తే పెసర్లలో ఐరన్ పెరుగుతుందా, తగ్గుతుందా? ఎవరైనా తేల్చండి

హన్మకొండ_రాధిక
మా అమ్మాయి ఇంటర్ సెకండ్ ఇయర్. హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసింది కానీ వేసుకుంటే కడుపులో తిప్పుతోందని మానేసింది. మా అత్తమ్మేమో మాత్రలెందుకు, పెసర్లు నానబెట్టి మొలకలు పెట్టు, రక్తం అదే పడుతుంది అంటుంది. మా చుట్టాల గ్రూపులో వచ్చిన మెసేజ్‌లో మొలకెత్తితే ఐరన్ ఎన్నో రెట్లు పెరుగుతుందని ఉంది. తీరా ఫోన్‌లో పోషకాల పట్టిక చూస్తే ఎండు పెసర్లలో వంద గ్రాములకు నాలుగైదు మిల్లీగ్రాములు, మొలకల్లో అందులో సగం కూడా లేదు. పెరగాల్సింది తగ్గిందేమిటి? రోజూ పొద్దున చాయ్, మొలకలు కలిపి పెడుతున్నాను. ఇదంతా చేసి లాభం ఉందా లేదా, ఉంటే దేనికి, అదొక్కటి చెప్పండి.

జిమ్_శీను_కాజీపేట
లాభం ఎందుకు లేదక్కా, మస్తు ఉంది. పప్పుల్లో విషాలుంటాయి, నానబెడితే అవన్నీ నీళ్లలోకి పోతాయి. మొలకలొస్తే ప్రోటీన్ డబుల్, ఐరన్ డబుల్. ఉడకబెట్టొద్దు, పచ్చివే తినాలి, ఉడికిస్తే అంతా చచ్చిపోతుంది. మా జిమ్‌లో అందరం పచ్చివే తింటాం.

పరకాల_పద్మ
మొలకలు సరిగా రావాలంటే నీళ్లు మొత్తం వంపేసి తడిబట్టలో మూటగట్టి పెట్టాలమ్మా. నీళ్లు మిగిలితే జిగురొస్తాయి, వాసనొస్తాయి. మాకు ఎండాకాలం ఒక్క రాత్రికే వచ్చేస్తాయి.

హన్మకొండ_రాధిక
పద్మక్కా, మొలకలు బాగానే వస్తున్నాయి. నా బాధ ఐరన్ సంగతి 🙂

ధాన్యలక్ష్మి
నేను హోమ్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ముందు పట్టిక లెక్క చూద్దాం, అక్కడే చిక్కు ఉంది.

ఇంట్లో ఒక మనిషికి 30 గ్రాముల ఎండు పెసర్లు తీసుకున్నారనుకుందాం. అందులో ఐరన్ దాదాపు 1.4 మిల్లీగ్రాములు. నానబెట్టి, చిన్న మొలక వచ్చేదాకా ఉంచితే అవే గింజలు నీళ్లు పీల్చుకుని 75 గ్రాముల దాకా తూగుతాయి. ఐరన్ మాత్రం అదే 1.4. ఇప్పుడు దాన్ని వంద గ్రాముల మొలకలకు లెక్కగడితే 1.9 దగ్గర వస్తుంది. మీ ఫోన్ చూపించింది అదే. తగ్గింది ఐరన్ కాదు, గిన్నెలో నీళ్లు పెరిగాయి.

ఇక "ఎన్నో రెట్లు పెరుగుతుంది" అన్నది ఎలా కుదురుతుంది? ఐరన్ ఒక లోహం. మట్టిలోంచి రావాలి. మీరు తడిబట్టలో పెట్టిన గింజకు మట్టి ఎక్కడిది? గింజలో ఉన్నదే ఉంటుంది. మొలకెత్తేటప్పుడు గింజ తన పిండిపదార్థాన్ని కొంత ఖర్చుపెట్టుకుంటుంది కాబట్టి, మొలకల్ని ఎండబెట్టి తూచి చూస్తే శాతం కొంచెం పెరిగినట్టు కనిపిస్తుంది. అలాంటి అంకెను పట్టుకుని ఎవరో మెసేజ్ తయారుచేసి ఉంటారు. ప్రోటీన్‌దీ ఇదే కథ శీనూ. డబుల్ కాదు.

జిమ్_శీను_కాజీపేట
ఐరన్ పెరగకపోతే మరి ఇంత కష్టపడి మొలకెత్తించడం ఎందుకు మేడమ్?

ధాన్యలక్ష్మి
మంచి ప్రశ్న. మారేది ఐరన్ కాదు, ఐరన్‌ను పట్టుకుని కూర్చున్న పదార్థం. దాన్ని ఫైటేట్ అంటారు. గింజ రేపు మొక్క కావడానికి కావలసిన భాస్వరాన్ని అందులో దాచుకుంటుంది. ఒక్కో ఫైటేట్‌కు ఆరు భాస్వరపు కొమ్మలుంటాయి. మన పేగులో ఆ కొమ్మలు ఐరన్‌నూ జింక్‌నూ గట్టిగా పట్టేసుకుంటాయి. అలా చిక్కుకున్న ఐరన్ ఒంటికి ఎక్కకుండా బయటికి పోతుంది.

గింజ తడిసి మొలకెత్తడం మొదలుపెట్టగానే దానికి ఆ భాస్వరం కావాలి. అందుకని ఫైటేజ్ అనే ఎంజైమ్‌ను పనిలోకి దింపుతుంది. అది ఒక్కో కొమ్మనూ తెంపుతూ పోతుంది. ఆరు కాస్తా ఐదు, నాలుగు, మూడు అయ్యేసరికి పట్టు సడలుతుంది. అంటే ఇది గింజ తన కోసం చేసుకునే పని, మనకు దానివల్ల మేలు జరుగుతుంది.

దీనికి టైమ్ కావాలి, వెచ్చదనం కావాలి. రెండు గంటలు నానబెట్టి వండితే ఫైటేట్ పెద్దగా కదలదు. రాత్రంతా నానబెట్టి నీళ్లు పారబోస్తే కొంత పోతుంది. ఇంకో రోజో రెండు రోజులో మొలకెత్తనిస్తే మూడో వంతు నుంచి సగం దాకా తగ్గొచ్చు. గింజ రకాన్ని బట్టి, వేడిని బట్టి అటూ ఇటూ అవుతుంది. మొత్తం మాత్రం పోదు. ఉడకబెట్టినా ఫైటేట్ అంత తేలిగ్గా విరగదు, ఎందుకంటే అది వేడికి తట్టుకుంటుంది. పైగా వేడి తగిలితే ఫైటేజ్ పని ఆగిపోతుంది. కాబట్టి ముందు మొలక, తర్వాతే పొయ్యి.

నర్సంపేట_రైతుబిడ్డ
ఇది మంచిగా చెప్పిండ్రు మేడమ్. ఒక డౌటు. ఫైటేట్ పొట్టులో ఉంటది కదా, మరి పొట్టు తీసిన పెసరపప్పు వాడితే సరిపోదా? నానుడు, మూటగట్టుడు అన్నీ తప్పుతయ్.

ధాన్యలక్ష్మి
గోధుమ, వరిలో పైపొరలో, తవుడులో ఉంటుంది. అందుకే అందరూ పప్పులకూ అలాగే అనుకుంటారు. పప్పుధాన్యాల్లో ఫైటేట్ ఎక్కువగా ఉండేది లోపలి బద్దలో. పొట్టు తీస్తే అది ఎక్కడికీ పోదు, పొట్టు బరువు తగ్గినందుకు శాతం ఇంకాస్త పెరుగుతుంది కూడా. పొట్టుతో పోయేది టానిన్, ఆ వగరు పదార్థం. అది కూడా ఐరన్‌కు అడ్డమే. ఎర్ర బొబ్బర్లు నానబెట్టిన నీళ్లు చాయ్ రంగుకు తిరుగుతాయి చూడండి, ఆ రంగులో చాలావరకు పొట్టులోని వగరే. ఆ నీళ్లు పారబోయండి.

పైగా బద్దగా విరిగిన పప్పు మొలకెత్తదు. మొలక వచ్చే మూతి మరలోనే పోతుంది.

ఉలవచారు_ప్రియుడు
పారబోయండి పారబోయండి అంటున్నారు, ఆ నీళ్లలో విటమిన్లు కూడా పోతాయి కదా? మా ఇంట్లో ఉలవలు నానబెట్టిన నీళ్లు వంపడం అంటే మా అమ్మ ఒప్పుకోదు. మా తాతలు అట్లాగే తిని ఎనభై ఏళ్లు బతికారు. యాంటీ న్యూట్రియంట్ అని కొత్త పేరు పెట్టి అందరినీ టెన్షన్ పెడుతున్నారు.

ధాన్యలక్ష్మి
మీ మాటలో కొంత నిజం ఉంది. నీళ్లలో కరిగే బి విటమిన్లు, పొటాషియం లాంటివి కొంత పోతాయి. ఫైటేట్ కూడా విషమేమీ కాదు, రోజూ మాంసం తినేవాళ్లు దాని గురించి పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు. కానీ ఇక్కడ అడిగింది 9.4 హిమోగ్లోబిన్ ఉన్న పిల్ల గురించి. ఆ పిల్ల విషయంలో ఐరన్‌కు అడ్డం తగ్గించడం ముఖ్యం, నీళ్లలో పోయే కాస్త విటమిన్ కాదు. మీ ఉలవచారుకు నానబెట్టిన నీళ్లు వంపేసి, కొత్త నీళ్లలో ఉడికించి, ఆ ఉడికిన కట్టుతో కాచుకోండి. రుచి ఎక్కడికీ పోదు.

ఉలవచారు_ప్రియుడు
రుచి పోతుంది మేడమ్. ఈ ఒక్క విషయంలో మీతో ఒప్పుకోను 😄

మహబూబాబాద్_అనిత
నాకు ఐరన్ కంటే గ్యాస్ బాధ ఎక్కువ. శనగల గుడాలు తిన్న రోజు ఆఫీసులో కూర్చోలేను. మొలకెత్తిస్తే తగ్గుతుందా?

ధాన్యలక్ష్మి
తగ్గుతుంది. ఫైటేట్ కంటే ఈ విషయంలోనే మొలకల ఫలితం బాగా తెలుస్తుంది. ఆ గ్యాస్‌కు కారణం రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు. వాటిని అరిగించే ఎంజైమ్ మన పేగులో లేదు, కింది పేగులోని బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. ఉడకబెట్టినంత మాత్రాన అవి పోవు. కానీ నీళ్లలో కరుగుతాయి, పైగా మొలకెత్తే గింజ మొదట ఖర్చుపెట్టుకునే తిండి అదే. ఒకటి రెండు రోజుల మొలకల్లో చాలా తక్కువ మిగులుతాయి. శనగల మొలక తెల్లగా అర అంగుళం వచ్చాక ఉడికించి చూడండి.

కాజీపేట_లోకో
శీను తమ్ముడు "పచ్చివే తినాలి" అన్న మాట దగ్గర ఆగాలి. నేను చదువుకునే రోజుల్లో ఒక హాస్టల్లో ఉన్నాను. మెస్‌లో రాజ్మా రాత్రి నానబెట్టి, పొద్దున హడావుడిలో సగం ఉడికించి సలాడ్‌లో కలిపారు. గింజ కొరికితే లోపల సున్నపు ముక్కలా కరకరమంది. అయినా ఆకలి మీద తిన్నాం. రెండు మూడు గంటల్లో మా రూమ్‌లో అందరికీ వాంతులు. ఎవరూ కలరా అనుకోకుండా ఉండలేకపోయారు. రాత్రంతా నానబెట్టినవే కదా, నానబెడితే విషం పోవాలి కదా మరి?

జిమ్_శీను_కాజీపేట
అన్నా అది వంట శుభ్రంగా లేక అయ్యుంటుంది. నానబెట్టిన గింజతో అట్లా ఎందుకవుతుంది?

ధాన్యలక్ష్మి
శుభ్రత లోపం కూడా అయ్యుండొచ్చు, ఇన్నేళ్ల తర్వాత ఇక్కడ కూర్చుని తేల్చలేం. కానీ సగం ఉడికిన రాజ్మా, రెండు మూడు గంటల్లో వాంతులు అంటే మొదట అనుమానించాల్సింది లెక్టిన్‌నే. అది ప్రోటీన్ జాతి పదార్థం. నానబెడితే చావదు, మొలకెత్తినా పూర్తిగా పోదు. మరిగే నీళ్ల వేడికే చెడుతుంది. పచ్చి రాజ్మా నాలుగైదు గింజలు తిన్నా కడుపు పాడవుతుంది. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లనివ్వాలి, అరగంట అయితే నిశ్చింత. సన్నటి మంట మీద మరగకుండా గంటలకొద్దీ ఉంచినవి ఇంకా ప్రమాదం. మన ఇళ్లలో ప్రెషర్ కుక్కర్ ఉంటుంది కాబట్టి ఈ గొడవ తక్కువ.

చూడండి, ఫైటేట్‌దీ లెక్టిన్‌దీ దారి పూర్తిగా వేరు. ఫైటేట్ వేడికి లొంగదు, మొలకకు లొంగుతుంది. లెక్టిన్ మొలకకు పెద్దగా లొంగదు, మరుగుకు లొంగుతుంది. ప్రోటీన్‌ను అరగనివ్వని ట్రిప్సిన్ నిరోధకాలకు కూడా మరుగే మందు. పెసర్లలో ఈ లెక్టిన్ బాధ తక్కువ కాబట్టి జనం పచ్చి మొలకలు తిని తట్టుకుంటున్నారు. ఆ అలవాటును రాజ్మాకు, అనుములకు, సోయాకు తీసుకెళ్లకూడదు.

నర్సంపేట_రైతుబిడ్డ
మా దిక్కు అనుములు నానబెట్టి, పొట్టు పిసికి, ఉడికించి, ఆ నీళ్లు వంపి మళ్లీ వండుతరు. మా అవ్వ పచ్చివి నోట్లో వేసుకోనిచ్చేది కాదు.

జిమ్_శీను_కాజీపేట
సరే, రాజ్మా వదిలేద్దాం. పెసర్ల మొలకలు పచ్చిగా తింటే తప్పేంది? విటమిన్ సి ఉడికిస్తే పోతుంది కదా. ఇదైనా కరెక్టేనా?

ధాన్యలక్ష్మి
ఇది కరెక్టే. ఎండు గింజలో విటమిన్ సి దాదాపు ఉండదు, మొలకలో కొత్తగా తయారవుతుంది. నిజంగా పెరిగేది ఏదైనా ఉందంటే అది. ఉడికిస్తే కొంత పోతుంది.

కానీ తడి, వెచ్చదనం, ఇవి గింజకు ఎంత ఇష్టమో బ్యాక్టీరియాకూ అంతే ఇష్టం. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల ఇ-కోలి సోకి 50 మందికి పైగా చనిపోయారు. గింజ మీదే క్రిమి ఉంటే ఇంట్లో ఎంత కడిగినా పూర్తిగా పోదు. మన వరంగల్ ఎండల్లో 40 డిగ్రీలు దాటితే మూట లోపల పరిస్థితి ఊహించండి. మొలకలు పట్టుకుంటే జారుతున్నా, పులుపు వాసన వచ్చినా పారేయాలి. వాసన లేదు కదా అని క్షేమం అనుకోవడానికీ లేదు. గర్భిణులు, చిన్నపిల్లలు, ముసలివాళ్లు పచ్చివి తినకపోవడమే మంచిది. మిగతావాళ్లకు కూడా నేనైతే బాగా ఆవిరి మీద ఉడికించి పెట్టమంటాను. పోయిన విటమిన్ సి కోసం పైన నిమ్మకాయ పిండుకోవచ్చు.

హన్మకొండ_రాధిక
అంటే మా అమ్మాయికి నేను పెడుతున్న దాంట్లో ఎంత పడుతోంది మేడమ్? దయచేసి అంకెల్లో చెప్పండి, మా అత్తమ్మకు చూపిస్తాను.

ధాన్యలక్ష్మి
సరే. గిన్నెలో ఉన్నది 1.4 మిల్లీగ్రాములు. మొలకెత్తించకుండా వండితే, పప్పుల్లోని ఐరన్ నూటికి ఐదు వంతులే ఒంటికి పడుతుందనుకుంటే, పడేది 0.07. ఇప్పుడు మొలకెత్తించి ఫైటేట్ సగం తగ్గించారు. అప్పుడు ఐరన్ రెట్టింపు పడుతుందని అందరూ అనుకుంటారు, కానీ అలా జరగదు. మిగిలిన ఫైటేట్ కొంచెమే అయినా ఐరన్‌ను బాగానే అడ్డుకుంటుంది. దాదాపుగా పూర్తిగా తీసేస్తేనే పెద్ద తేడా కనిపిస్తుంది, అది ఇంటి మొలకలతో అయ్యే పని కాదు. సరే, ఉదారంగా రెట్టింపే అనుకుందాం: 0.14.

ఐసీఎంఆర్ 2020 లెక్క ప్రకారం పెద్ద ఆడవాళ్లకు రోజుకు తిండిలో 29 మిల్లీగ్రాముల ఐరన్ ఉండాలి. మీ గిన్నెలో 1.4. బడుల్లో వారానికొకటి ఇచ్చే నీలం రంగు మాత్ర ఒక్కదానిలో 60. ఈ మూడు అంకెలూ మీ అత్తమ్మగారికి చూపించండి. మొలకలు మంచి తిండే, కానీ 9.4కు మందు కాదు.

హన్మకొండ_రాధిక
అమ్మో! ఇంత తేడానా? నేను మొలకలున్నాయి కదా అని మాత్రల గురించి పట్టించుకోవడమే మానేశాను.

ములుగు_నర్స్
రాధికక్కా, మాత్ర తిప్పుతోందంటే మానేయడం కాదు, మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లండి. వేరే రకం ఉంటుంది, అన్నం తిన్నాక వేసుకోమనొచ్చు, రోజు విడిచి రోజు ఇవ్వొచ్చు. నల్లగా విరేచనం అవుతుందని భయపడి మానేసేవాళ్లూ ఉన్నారు, అది మామూలే. 9.4 ఎందుకు వచ్చిందో కూడా అడగండి. నెలసరి ఎక్కువగా అవుతోందా, నులిపురుగులున్నాయా, అవి చూడకుండా ఎన్ని మొలకలు పెట్టినా అంతే.

ఇంకోటి, ఆ పొద్దున చాయ్ పక్కన పెట్టండి. చాయ్‌లో వగరు పదార్థం ఉంటుంది, మీరు నీళ్లు పారబోసి పొట్టులోంచి తీసేసిందంతా కప్పులో మళ్లీ పోసినట్టే. మొలకలకూ చాయ్‌కూ కనీసం గంట తేడా పెట్టండి.

ధాన్యలక్ష్మి
ములుగు నర్సమ్మ చెప్పింది మొలకల కంటే ఎక్కువ పని చేస్తుంది. దానికి ఒకటి కలుపుతాను: మొలకలతో పాటే విటమిన్ సి ఉండాలి. నిమ్మకాయో జామకాయో ఉసిరికాయో అదే పూట, అదే గిన్నె దగ్గర. మిగిలిన ఫైటేట్ ఐరన్‌ను పట్టుకోకుండా అది కొంతవరకు అడ్డుపడుతుంది. సాయంత్రం తింటే పొద్దుటి మొలకలకు ఉపయోగం లేదు.

పరకాల_పద్మ
నేను పొద్దున మొలకలు, మధ్యాహ్నం జామకాయ పెడుతున్నా. ఇకనుంచి రెండూ ఒకేసారి పెడతా.

జనగామ_వెంకన్న
నాకు యూరిక్ ఆసిడ్ ఉంది. మొలకెత్తించి తింటే పప్పు తినొచ్చని మా దోస్తు అన్నాడు. నిజమేనా?

ధాన్యలక్ష్మి
యూరిక్ ఆసిడ్‌కు కారణమయ్యే ప్యూరిన్‌లు మొలకెత్తితే పోతాయన్న మాట నమ్మకండి. అవి ఫైటేట్ కోవలోవి కావు. పప్పుల ప్యూరిన్ మాంసం ప్యూరిన్ అంత ఇబ్బంది పెట్టదంటారు కానీ, మీకు ఎంత తినొచ్చో మీ డాక్టరే చెప్పాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లు పొటాషియం సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి. మొలక వచ్చింది కదా అని పొటాషియం మాయమవదు.

జిమ్_శీను_కాజీపేట
మేడమ్, ప్రోటీన్ డబుల్ కాదన్నారు. కనీసం మంచి రకం ప్రోటీన్‌గా మారుతుందా? మా కోచ్ కంప్లీట్ ప్రోటీన్ అవుతుందన్నాడు.

ధాన్యలక్ష్మి
అరగడం కొంచెం తేలికవుతుంది, అది నిజం. కానీ పప్పుల్లో తక్కువగా ఉండే మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం మొలకల్లోనూ తక్కువే. ఆ లోటు అన్నమో జొన్నరొట్టెనో తీరుస్తుంది. బి12 కూడా మొలకల్లో రాదు, ఎవరు చెప్పినా. శాకాహారులైతే పాలూ పెరుగూ చూసుకోవాలి.

నర్సంపేట_రైతుబిడ్డ
ఒకటి అడుగుత. మా బోరు నీళ్లు గట్టి నీళ్లు. అందులో నానబెడితే శనగలు సరిగా ఉబ్బవు, ఉడకవు. మా ఇంట్ల తినే సోడా వేస్తరు. దానివల్ల ఫైటేట్ ఏమన్న తగ్గుతదా?

ధాన్యలక్ష్మి
గట్టి నీళ్లలోని కాల్షియం గింజ గోడల్ని బిగిస్తుంది, అందుకే ఉడకవు. సోడా వేస్తే మెత్తబడతాయి కానీ బి1 విటమిన్ దెబ్బతింటుంది. నేనైతే సోడా బదులు ఫిల్టర్ నీళ్లలో నానబెడతాను. నానినప్పుడు ఉబ్బకుండా గులకరాళ్లలా అడుగున మిగిలే గింజలుంటాయి చూడండి, అవి మొలకెత్తవు, వాటిలో మనం ఆశించే మార్పూ జరగదు. ఏరేయండి, పన్ను కూడా విరుగుతుంది.

మహబూబాబాద్_అనిత
నేను అర్థం చేసుకున్న మేరకు పెసర్లకు కొలత ఇదేనా: రాత్రంతా నానబెట్టడం, నీళ్లు పారబోయడం, రోజుకు రెండు మూడుసార్లు కడుగుతూ మొలక అర అంగుళం వచ్చేదాకా ఉంచడం, ఆవిరి మీద ఉడికించి నిమ్మరసం?

ధాన్యలక్ష్మి
అదే. ఎండాకాలంలో నానబెట్టేది ఆరేడు గంటలకు మించకండి, నీళ్ల మీద నురుగు కనిపిస్తే అప్పటికే పులుస్తున్నట్టు. చలికాలం పది పన్నెండు గంటలు పడుతుంది. కడిగిన ప్రతిసారీ నీళ్లు పూర్తిగా వడగట్టాలి.

ఉలవచారు_ప్రియుడు
పెసర్ల సంగతి ఒప్పుకున్నా. ఉలవలకు ఇంతే టైమా? మాకు రెండు రోజులైనా సగం గింజలకే మొలక వస్తుంది.

నర్సంపేట_రైతుబిడ్డ
విత్తనం పాతదైతే అట్లనే అయితది. ఈ ఏడు పంట ఉలవలు తెచ్చి చూడు అన్నా, పాతవి కొత్తవి కలిపి అమ్ముతరు చాలాచోట్ల.

ఉలవచారు_ప్రియుడు
ఆదివారం ఎనుమాముల వైపు వెళ్లే పని ఉంది, కొత్తవి దొరికితే రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూస్తా. నీళ్లు మాత్రం మా అమ్మ వంపనిస్తేనే.